సీసాలో చక్కెర ఎంత? లేబుల్ చెప్పే లెక్క

ఫ్లేవర్డ్ మిల్క్ సీసాలోనూ పండ్ల యోగర్ట్ డ్రింక్ ప్యాకెట్‌లోనూ రెండు రకాల చక్కెర ఉంటుంది. ఒకటి పాలలో పుట్టుకతోనే ఉన్న ల్యాక్టోజ్. ఆవు పాలైనా గేదె పాలైనా వంద మిల్లీలీటర్లలో ఇది దాదాపు 5 గ్రాములు ఉంటుంది. రెండోది డెయిరీలో రుచి కోసం కలిపిన చక్కెర. నాలుకకి ఈ రెండింటి మధ్య తేడా సులువుగా తెలియదు. ల్యాక్టోజ్ తీపి చాలా తక్కువ కాబట్టి బాదం మిల్క్ తియ్యగా ఉండటానికి ప్రధాన కారణం కలిపిన చక్కెరే. కాని ఎంత కలిపారన్నది రుచి చూసి చెప్పడం కుదరదు. చల్లగా ఉన్నప్పుడు తీపి తక్కువగా తెలుస్తుంది. యోగర్ట్‌లోని పులుపు తీపిని ఇంకా కప్పేస్తుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన మామిడి యోగర్ట్ డ్రింక్ ఓ మోస్తరు తీపిగానే అనిపిస్తుంది. అదే లంచ్ బాక్స్ సంచిలో మధ్యాహ్నం దాకా ఉండి వెచ్చబడితే వెగటు పుట్టేంత తియ్యగా ఉంటుంది. చక్కెర మాత్రం రెండు వేళల్లోనూ అంతే. దాన్ని పట్టుకోవడానికి నమ్మదగిన చోటు సీసా వెనక ఉన్న పట్టిక ఒక్కటే.

పిల్లల ఆహారంలో హద్దు పెట్టుకోవలసింది రెండో రకం చక్కెరకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పాలలో సహజంగా ఉన్న చక్కెరని, కోసుకుని తినే పండులోని చక్కెరని ఈ హద్దు నుంచి మినహాయించాయి. కలిపిన పంచదార, తేనె, పాకాలు, పండ్ల రసం, గాఢంగా మరిగించిన పండ్ల రసం మాత్రం లెక్కలోకి వస్తాయి. అంటే లేబుల్ చదివేవారి పని మొత్తం చక్కెరలోంచి పాల వాటాని తీసేసి మిగిలింది ఎంతో తేల్చుకోవడం. చాలా ప్యాకెట్ల మీద కంపెనీయే ఆ అంకె ఇస్తుంది. ఇవ్వని చోట, ఇచ్చినా సరిచూసుకోవాలనుకున్న చోట, పట్టికలోని మరో గడి సాయపడుతుంది. అది ప్రొటీన్ గడి.

పట్టికలో చూడవలసిన గడులు

మన దేశంలో ప్యాకెట్ ఆహారం లేబుల్ ఎలా ఉండాలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిర్ణయిస్తుంది. 2020లో ఆ సంస్థ తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పోషకాల పట్టికలో శక్తి, ప్రొటీన్, కార్బోహైడ్రేట్, కొవ్వులు, సోడియం వగైరాలతో పాటు చక్కెరకి రెండు వరుసలు ఉండాలి. మొదటిది టోటల్ షుగర్స్, అంటే మొత్తం చక్కెర. రెండోది యాడెడ్ షుగర్స్, అంటే కలిపిన చక్కెర. సాధారణంగా రెండూ కార్బోహైడ్రేట్ వరుస కిందే కాస్త లోపలికి జరిపి అచ్చు వేసి ఉంటాయి. కార్బోహైడ్రేట్ అంకెనే చక్కెరగా చదవడం తరచూ జరిగే పొరపాటు. అందులో పిండి పదార్థం, చిక్కదనానికి వేసిన స్టార్చ్ కూడా కలిసి ఉంటాయి.

అంకెలు ఏ కొలతకి ఇచ్చారో పట్టిక పైవరుసలో ఉంటుంది. పాల పానీయాల మీద ఎక్కువగా వంద మిల్లీలీటర్లకి ఇస్తారు. దాని పక్కన సర్వింగ్ సైజ్ అని మరో కొలత ఉండవచ్చు. ఆ సర్వింగ్‌లో ఉన్నది పెద్దవారి రోజువారీ అవసరంలో ఎంత శాతమో చెప్పే వరుస కూడా ఉంటుంది. ఈ అంకెలు చాలాసార్లు ప్యాకెట్ అతుకు దగ్గర, సన్నటి అక్షరాల్లో ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే 1కి 7కి తేడా పడకుండా చదవవచ్చు.

అరచేతిలో ఇమిడిపోయే మరీ చిన్న సీసాల మీద ఈ పట్టిక ఉండకపోవచ్చు. లేబుల్‌కి చోటు వంద చదరపు సెంటీమీటర్లకి మించని ప్యాకెట్ల మీద పదార్థాల జాబితా, పోషకాల పట్టిక లేకపోయినా నిబంధనలు ఒప్పుకుంటాయి. అవి కలిపి కట్టిన పెద్ద ప్యాక్ మీద మాత్రం ఉండాలి. చిన్న సీసాలు ఐదో ఆరో ఉన్న ప్యాక్ కొన్నప్పుడు పై అట్టని చింపి పారేస్తే లెక్క కూడా దానితోనే పోతుంది. ఆ అట్ట ముక్కని దాచుకోవడం మంచిది.

మొదటి మెట్టు: వంద నుంచి సీసాకి

పిల్లలు వంద మిల్లీలీటర్లు కొలుచుకుని తాగరు, సీసా ఖాళీ చేస్తారు. కాబట్టి మొదటి పని వందకి ఇచ్చిన అంకెని సీసా మొత్తానికి మార్చడం. 200 మి.లీ. సీసా అయితే రెండుతో, 180 మి.లీ. అయితే 1.8తో, 150 మి.లీ. అయితే ఒకటిన్నరతో హెచ్చించాలి. ఈ చిన్న గుణింతం వదిలేస్తే లెక్క సగానికి సగం తప్పుతుంది. ముందు వైపు సర్వింగ్‌కి 10 గ్రాములు అని కనిపించినప్పుడు, ఆ సర్వింగ్ 100 మి.లీ. అయి ప్యాకెట్ 180 మి.లీ. అయితే, బిడ్డ తాగేది 10 కాదు, 18 గ్రాములు.

దీనికి మరో వైపు కూడా ఉంది. వందకి ఇచ్చిన అంకె పెద్దదైనంత మాత్రాన ఆ సీసాలో చక్కెర ఎక్కువని కాదు. వందకి 15 గ్రాములున్న 65 మి.లీ. సీసాలో ఉండేది పది గ్రాముల లోపే. వందకి 8 గ్రాములే ఉన్న 200 మి.లీ. సీసాలో 16 గ్రాములు ఉంటాయి. అందుకే ఏ రెండు పానీయాలలో ఏది మేలో తేల్చడానికి వందకి ఉన్న అంకె పనికొస్తుంది, బిడ్డ ఆ రోజు ఎంత చక్కెర తీసుకుంటుందో తేల్చడానికి సీసా మొత్తం అంకె కావాలి.

కొన్ని ప్యాకెట్ల మీద పట్టిక వంద గ్రాములకి ఉండి, పరిమాణం మాత్రం మిల్లీలీటర్లలో ఉంటుంది. చక్కెర కలిసిన పాలు నీళ్లకంటే కాస్త బరువు కాబట్టి 200 మి.లీ. దాదాపు 210 గ్రాములు తూగుతాయి. ఇంటి లెక్కలో ఈ తేడాని వదిలేసినా నష్టం లేదు.

గ్రాములు కంటికి ఆనాలంటే చెంచాల్లోకి మార్చుకోవాలి. టీ చెంచాని అంచు దాకా నింపి పైన చదును చేస్తే దాదాపు 4 గ్రాముల పంచదార పడుతుంది. గోపురంలా పోసిన చెంచాలో ఇంకా ఎక్కువే పడుతుంది కాబట్టి లెక్కకి చదును చెంచానే తీసుకోవాలి. 15 గ్రాములంటే నాలుగు చెంచాలకి కాస్త తక్కువ. ఖాళీ అయిన సీసాని కడిగి, ఆరబెట్టి, అందులో నాలుగు చదును చెంచాల పంచదార పోసి చూస్తే అడుగున దాదాపు చిటికెన వేలి మందాన తెల్లటి పొర నిలుస్తుంది. ఇంట్లో గ్లాసు పాలలో అంత పంచదార వెయ్యడానికి ఏ తల్లి చెయ్యీ ముందుకి రాదు.

రెండో మెట్టు: పాల వాటా తియ్యడం

యాడెడ్ షుగర్స్ వరుస ఉన్నప్పుడు ఆ అంకెనే సీసాకి హెచ్చిస్తే పని అయిపోతుంది. కాని ఆ వరుస లేని ప్యాకెట్లు కూడా చేతికి వస్తాయి. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకి అక్కడి లేబుళ్ల మీద కార్బోహైడ్రేట్, అందులో చక్కెరలు అన్న ఒక్క మొత్తం అంకే కనిపిస్తుంది. కలిపినదెంతో విడిగా ఉండదు. అక్కడ పాల వాటాని చదివేవారే తియ్యాలి.

మామూలు పాలైతే వందకి 4.8 గ్రాములు తీసెయ్యవచ్చు. అయితే సీసాలో ఉన్నది మొత్తం పాలేనా, నీళ్లు కూడా కలిశాయా అన్న ప్రశ్న వస్తుంది. జవాబు ప్రొటీన్ వరుసలో ఉంది. పాలలో వందకి ప్రొటీన్ దాదాపు 3.2 గ్రాములు, ల్యాక్టోజ్ దాదాపు 4.8 గ్రాములు. అంటే ల్యాక్టోజ్ ప్రొటీన్‌కి ఒకటిన్నర రెట్లు. పాలలో నీళ్లు కలిపితే రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, పాలపొడి కలిపితే రెండూ దాదాపు ఒకే పాళ్లలో పెరుగుతాయి. వెన్న తీసిన పాలైనా, టోన్డ్ పాలైనా ఈ పాళ్లు పెద్దగా మారవు, ఎందుకంటే తీసేది కొవ్వునే. కాబట్టి ప్రొటీన్ అంకెని ఒకటిన్నరతో హెచ్చిస్తే పాలతో వచ్చిన చక్కెర ఎంతో తెలుస్తుంది. దాన్ని టోటల్ షుగర్స్ లోంచి తీసేస్తే మిగిలేది బయటినుంచి చేరినది.

ప్రొటీన్ 1.6 గ్రాములే ఉన్న పానీయాన్ని ఊహించుకుంటే ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. అందులో పాలు సగమే. పాల వాటా 2.4 గ్రాములు. అక్కడ కూడా అలవాటుగా 4.8 తీసేస్తే కలిపిన చక్కెర వందకి రెండు గ్రాములకి పైగా తక్కువ తేలుతుంది. పెద్ద సీసా మొత్తం మీద అది ఒక చెంచాకి పైగా తేడా.

యోగర్ట్ డ్రింక్‌లో వచ్చే మూడు చిక్కులు

యోగర్ట్ పానీయం లెక్క ఫ్లేవర్డ్ మిల్క్ లెక్కంత సూటిగా ఉండదు. మొదటి చిక్కు తోడు దగ్గరే వస్తుంది. పాలు పెరుగుగా మారేటప్పుడు తోడులోని సూక్ష్మజీవులు ల్యాక్టోజ్‌లో కొంత భాగాన్ని తిని ల్యాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పెరుగుకి పులుపు వచ్చేది అందుకే. అయితే అవి మొత్తం ల్యాక్టోజ్‌ని తినెయ్యవు. పాలలో ఉన్న 4.8లో దాదాపు 4 గ్రాములు పెరుగులో మిగులుతాయి. కాబట్టి యోగర్ట్‌కి ప్రొటీన్‌ని ఒకటిన్నరతో కాక ఒకటింబావుతో హెచ్చించడం సరిగ్గా ఉంటుంది.

రెండో చిక్కు నీళ్లు. గడ్డ యోగర్ట్‌కీ తాగే యోగర్ట్‌కీ ప్రధానమైన తేడా అదే. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు, తక్కువ బరువున్నది తర్వాత రావాలన్నది నియమం. జాబితాలో మొదటి పేరు నీళ్లయినా, పెరుగు తర్వాత రెండో పేరే నీళ్లయినా, ప్రొటీన్ అంకె 3 కాక 2 దగ్గరో ఇంకా కిందో కనిపిస్తుంది. ఇలాంటి పానీయంలో పాలతో వచ్చే మేలు తగ్గుతుంది, చక్కెర మాత్రం తగ్గదు. పైగా పులుపుని మరిపించడానికి ఎక్కువే పడుతుంది.

మూడో చిక్కు పండు. బొమ్మలో మామిడి ముక్కలు జారుతున్నా, లోపల ఉండేది ఎక్కువగా గుజ్జో, ఫ్రూట్ ప్రిపరేషన్ అనే మిశ్రమమో అయి ఉంటుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పల్ప్ ఫ్యాక్టరీల్లో తోతాపురి కాయల నుంచి తీసే గుజ్జు ఇలాంటి పానీయాలకి వాడేదే. ఆ గుజ్జులో వందకి దాదాపు 14 గ్రాములు కాయ సొంత తీపి ఉంటుంది. పానీయంలో గుజ్జు పది శాతమైతే దానివల్ల వచ్చేది ఒకటిన్నర గ్రాము లోపే. ఫ్రూట్ ప్రిపరేషన్ సంగతి వేరు. అది పండు, చక్కెర, చిక్కదనానికి వేసే పదార్థాలు కలిపి ఉడికించిన మిశ్రమం. ఫ్రూట్ ప్రిపరేషన్ 12 శాతం అని ఉంటే పండు 12 శాతం అని అర్థం కాదు. పక్కన బ్రాకెట్‌లో ఉన్న పేర్లు చదివితే అందులో చక్కెర ఎన్నో స్థానంలో ఉందో కనిపిస్తుంది.

తాగే పానీయంలో మెత్తగా నలిగిపోయిన గుజ్జు తీపిని కోసిన పండు తీపితో సమానంగా చూడాలా వద్దా అన్న విషయంలో దేశదేశాల నియమాలు ఒక్కలా లేవు. గాఢమైన పండ్ల రసం విషయంలో మాత్రం సందేహం లేదు, అది చక్కెరకి బదులుగా వేసేదే. ఇంటి లెక్కకి సులువైన దారి ఒకటుంది. మొత్తంలోంచి పాల వాటాని మాత్రమే తీసేసి, మిగిలినదంతా కలిపిన చక్కెరగా రాసుకోవాలి. గుజ్జు తక్కువగా ఉన్న పానీయాల్లో ఈ పద్ధతివల్ల వచ్చే తేడా సీసాకి రెండు మూడు గ్రాములకి మించదు.

చక్కెర మారుపేర్లు, ముందువైపు మాటలు

యాడెడ్ షుగర్స్ అంకెకీ, ప్రొటీన్ పద్ధతిలో వచ్చిన అంకెకీ పెద్ద తేడా కనిపిస్తే పదార్థాల జాబితాలోకి వెళ్లాలి. అక్కడ చక్కెర ఒకే పేరుతో ఉండదు. సుక్రోజ్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, తేనె, బెల్లం, జ్యూస్ కాన్సన్‌ట్రేట్ అన్నీ ఆ కోవలోవే. ఒకే చక్కెర మూడు పేర్లుగా విడిపోతే ఒక్కొక్కటి జాబితాలో కిందికి జారుతుంది. అందుకే జాబితాలో చక్కెర ఎన్నో స్థానంలో ఉందన్నది ఒక సూచన మాత్రమే, నిర్ణయం పట్టికలోని అంకెదే. మాల్టోడెక్స్‌ట్రిన్ అన్నది పిండి పదార్థం నుంచి తీసినది. అది చక్కెర వరుసలోకి రాదు, కార్బోహైడ్రేట్ వరుసలో ఉంటుంది. కాని కడుపులోకి వెళ్లాక త్వరగా గ్లూకోజ్‌గా మారుతుంది. కార్బోహైడ్రేట్ అంకె టోటల్ షుగర్స్ కంటే బాగా ఎక్కువగా ఉంటే దానికోసం వెతకాలి.

ముందువైపు అచ్చయ్యే మాటల్లో మూడింటి అర్థం తెలిస్తే చాలు. 'నో యాడెడ్ షుగర్' అని రాయాలంటే చక్కెర గాని, తేనె, పాకాల్లాంటివి గాని, చక్కెరకి బదులుగా పనిచేసే గాఢమైన పండ్ల రసం గాని అందులో వేసి ఉండకూడదు. పాల ల్యాక్టోజ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి అలాంటి పాల పానీయం మీద కూడా టోటల్ షుగర్స్ సున్నా కాదు, 4 నుంచి 5 మధ్య కనిపిస్తుంది. అది మోసం కాదు. తీపి మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. సుక్రలోజ్ అన్న పేరో, ఐఎన్ఎస్ 955 అన్న సంఖ్యో కనిపిస్తే తీపి కృత్రిమమైనదని అర్థం. 'లో షుగర్' అన్న మాటకి పానీయాల్లో హద్దు వందకి 2.5 గ్రాములు. ఏమీ కలపని మామూలు పాలే ఈ హద్దు దాటతాయి. అందువల్ల ఫ్లేవర్డ్ మిల్క్ మీద ఈ మాట లేకపోవడం దాని తప్పు కాదు, నీళ్లు ఎక్కువున్న పానీయం మీద ఆ మాట ఉండటం గొప్పా కాదు. ఇక 'రియల్ ఫ్రూట్', 'రియల్ మిల్క్' లాంటి మాటలకి చక్కెర లెక్కతో సంబంధం లేదు.

బిడ్డకి ఎంత?

లేబుల్ మీద కనిపించే శాతం బిడ్డ కోసం వేసినది కాదు. అది రోజుకి 2,000 కిలో క్యాలరీలు తీసుకునే పెద్దవారిని దృష్టిలో పెట్టుకుని, కలిపిన చక్కెరని 50 గ్రాములుగా పట్టుకుని వేసినది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి రోజుకి 1,700 కిలో క్యాలరీలు చాలంటుంది. నాలుగు నుంచి ఆరేళ్ల వారికి 1,360.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మొత్తం శక్తిలో పదో వంతు కంటే తక్కువ. ఇంకా మేలైనది ఇరవయ్యో వంతు, అంటే ఐదు శాతం లోపు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఐదు శాతం వైపే మొగ్గాయి. గ్రాము చక్కెర నాలుగు కిలో క్యాలరీలు ఇస్తుంది. ఆ లెక్కన ఎనిమిదేళ్ల పిల్లకి పదో వంతు హద్దు 42 గ్రాములు, ఐదు శాతం హద్దు 21 గ్రాములు. ఐదేళ్ల పిల్లవాడికి ఇవే హద్దులు 34, 17 గ్రాములకి తగ్గుతాయి. ఇది ఒక్క లంచ్ బాక్స్‌కి కాదు, పొద్దున్న పాలలో వేసిన పొడి నుంచి సాయంత్రం బిస్కెట్ దాకా రోజు మొత్తానికి.

ఒక లంచ్ బాక్స్ లెక్క

మూడో తరగతి చదివే ఎనిమిదేళ్ల పిల్ల సంచిలో ఒక రోజు రెండు పానీయాలు పెట్టారనుకుందాం. పది గంటల ఇంటర్వెల్‌కి 200 మి.లీ. బాదం ఫ్లేవర్డ్ మిల్క్, భోజనంతో పాటు 180 మి.లీ. మామిడి యోగర్ట్ డ్రింక్. ఈ రెండు లేబుళ్లూ ఏ ఒక్క కంపెనీవీ కావు, లెక్క చూపడానికి తీసుకున్న నమూనాలు.

బాదం పాల సీసా మీద వంద మి.లీ.కి ప్రొటీన్ 3.2 గ్రాములు, టోటల్ షుగర్స్ 12.4, యాడెడ్ షుగర్స్ 7.6 అని ఉంది. ముందు సరిచూడాలి. ప్రొటీన్ 3.2ని ఒకటిన్నరతో హెచ్చిస్తే 4.8. దీన్ని 12.4లోంచి తీస్తే 7.6. కంపెనీ ఇచ్చిన అంకె, ఇంటి లెక్క ఒకటే అయ్యాయి. ప్రొటీన్ 3.2 ఉంది కాబట్టి ఇందులో నీళ్లు కలవలేదని కూడా తెలిసింది. సీసా 200 మి.లీ. కనుక కలిపిన చక్కెర 15.2 గ్రాములు, నాలుగు చెంచాలకి కాస్త తక్కువ.

మామిడి యోగర్ట్ ప్యాకెట్ మీద వందకి ప్రొటీన్ 1.6, టోటల్ షుగర్స్ 13.5, యాడెడ్ షుగర్స్ 10 అని ఉంది. పదార్థాల జాబితాలో పెరుగు, నీళ్లు, మామిడి గుజ్జు పది శాతం, చక్కెర అన్న వరుస ఉంది. ప్రొటీన్ 1.6ని ఒకటింబావుతో హెచ్చిస్తే పాల వాటా 2 గ్రాములు. 13.5లోంచి తీస్తే 11.5 మిగిలింది. కంపెనీ చెప్పినది 10. మధ్యలో ఉన్న ఒకటిన్నర గ్రాము ఎక్కడిదంటే, పది శాతం గుజ్జులోని మామిడి సొంత తీపి. తేడాకి కారణం దొరికింది కాబట్టి లేబుల్ నమ్మదగినదే. ప్యాకెట్ మొత్తానికి కలిపిన చక్కెర 18 గ్రాములు, గుజ్జుది కూడా కలిపితే 20.7.

ముందువైపు మాత్రం సర్వింగ్‌కి కలిపిన చక్కెర 20 శాతం అని ఉంది. సర్వింగ్ అంటే 100 మి.లీ., శాతం పెద్దవారిది. బిడ్డ తాగేది 180 మి.లీ. ఆమె 42 గ్రాముల హద్దులో 18 గ్రాములంటే 40 శాతానికి పైనే. ఐదు శాతం హద్దు పెట్టుకుంటే 85 శాతం. ఒకే ప్యాకెట్ మీద 20 అన్న అంకె, దాని అసలు లెక్కలో 85గా మారడానికి కావలసినవి రెండే. ఒకటి సీసా మొత్తాన్ని తీసుకోవడం, రెండోది పెద్దవారి హద్దు తీసి బిడ్డ హద్దు పెట్టడం.

రెండు పానీయాలూ కలిపితే చక్కెర 33 గ్రాములు దాటింది. ఎనిమిది చదును చెంచాలు. పెద్ద హద్దు చూసుకున్నా ఆ రోజుకి మిగిలినది రెండు చెంచాలే. చిన్న హద్దు మధ్యాహ్నానికే దాటిపోయింది. పైగా యోగర్ట్ అన్న పేరు చూసి మేలనిపించిన రెండోది, బాదం పాల కంటే పరిమాణంలో తక్కువైనా చక్కెరలో ఎక్కువ, ప్రొటీన్‌లో సగానికంటే తక్కువ.

పోల్చుకోవడానికి ఒక కొలబద్ద

ఏ అంకె తక్కువ, ఏ అంకె ఎక్కువ అని నిర్ణయించడానికి ఒక ఆధారం ఉంటే మేలు. అమెరికా బడి భోజన పథకాల కోసం అక్కడి వ్యవసాయ శాఖ పెట్టిన హద్దు 2025 విద్యా సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఎనిమిది ఔన్సుల, అంటే దాదాపు 237 మి.లీ. ఫ్లేవర్డ్ మిల్క్‌లో కలిపిన చక్కెర 10 గ్రాములు మించకూడదు. వందకి లెక్కేస్తే 4.2 గ్రాములు. యోగర్ట్‌కి ఆరు ఔన్సులకి, అంటే 170 గ్రాములకి 12 గ్రాములు, వందకి దాదాపు 7. ఈ కొలబద్దతో చూస్తే పైన చెప్పిన బాదం పాలలో చక్కెర దాదాపు రెట్టింపు. అక్కడి బడుల్లో చదివే తెలుగు పిల్లలకి భోజనంతో ఇచ్చే చాక్లెట్ పాలకి ఈ హద్దు వర్తిస్తుంది, ఇంటినుంచి పెట్టి పంపే సీసాకి వర్తించదు. మన దేశంలో 2025లో సీబీఎస్ఈ తన బడుల్లో షుగర్ బోర్డులు పెట్టమంది. తినే వస్తువుల్లో చక్కెర ఎంతో పిల్లలకి చూపించే పలకలవి. లేబుల్ లెక్క పిల్లలకే నేర్పడానికి అలాంటి పలక మంచి అవకాశం.

లెక్క తప్పే చోట్లు

ప్రొటీన్ పద్ధతి అంచనా మాత్రమే, ప్రయోగశాల పరీక్ష కాదు. ప్రొటీన్ పాలనుంచి మాత్రమే వచ్చినప్పుడు అది బాగా పనిచేస్తుంది. హై ప్రొటీన్ అన్న పేరుతో వచ్చే పానీయాల్లో పాల ప్రొటీన్‌ని విడిగా తీసి కలుపుతారు. అక్కడ వందకి ప్రొటీన్ 6, 8 అని ఉంటుంది, దానితో పాటు ల్యాక్టోజ్ పెరగదు. ఒకటిన్నరతో హెచ్చిస్తే పాల వాటా లేనంత పెద్దదై, కలిపిన చక్కెర తక్కువగా తేలుతుంది. ప్రొటీన్ 4కి మించి కనిపిస్తే ఈ పద్ధతి వదిలేసి యాడెడ్ షుగర్స్ అంకెని పట్టుకోవడమే సరి. వే పౌడర్ కలిపిన పానీయంలో దీనికి ఎదురుగా జరుగుతుంది. అందులో ల్యాక్టోజ్ ఎక్కువ, ప్రొటీన్ తక్కువ. అప్పుడు పాల వాటా చిన్నదిగా తేలి, కలిపిన చక్కెర ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ల్యాక్టోజ్ పడని వారికోసం వచ్చే ల్యాక్టోజ్ ఫ్రీ పాలలో ఆ చక్కెరని తీసెయ్యరు, ఎంజైమ్‌తో గ్లూకోజ్, గెలాక్టోజ్‌గా విడగొడతారు. అందుకే ఏమీ కలపకపోయినా అవి కాస్త తియ్యగా ఉంటాయి, టోటల్ షుగర్స్ మామూలు పాలంతే ఉంటుంది. లెక్క మారదు. సోయా, బాదం, ఓట్ పానీయాల్లో పాలే లేవు కాబట్టి ల్యాక్టోజ్ తీసెయ్యడానికి ఏమీ లేదు. వాటికి ఈ పద్ధతి అసలు వర్తించదు. ఇక్కడ బాదం మిల్క్ అని మనం పిలిచే, బాదం రుచి కలిపిన డెయిరీ పాలకీ, బాదం గింజల నుంచి తీసిన పానీయానికీ తేడా పదార్థాల జాబితా మొదటి పేరులోనే తెలిసిపోతుంది.

పట్టికలోని అంకెలు సగటువి. పాలలోని పదార్థం కాలాన్నిబట్టి, పశువునిబట్టి కొద్దిగా మారుతుంది. కాబట్టి రెండు లెక్కల మధ్య వందకి అర గ్రాము తేడా వస్తే పట్టించుకోనవసరం లేదు. రెండు గ్రాములు దాటితే మాత్రం జాబితాలో పండ్ల రసమో, వే పౌడరో, విడిగా కలిపిన ప్రొటీనో కారణంగా కనిపించాలి.

అదే లెక్కతో సంచి సర్దడం

ఇదే పద్ధతిని ఇంట్లో కలిపిన పాలకి కూడా వాడవచ్చు. 200 మి.లీ. కాచి చల్లార్చిన పాలలో ఒక చదును చెంచా పంచదార, కాస్త యాలకుల పొడి వేస్తే కలిపిన చక్కెర 4 గ్రాములు. కొన్న బాదం పాల సీసాలో ఉన్నదానిలో దాదాపు నాలుగో వంతు. కొన్న రుచికి అలవాటుపడిన పిల్లకి ఇది మొదట చప్పగా అనిపించవచ్చు. అలాంటప్పుడు కొన్న సీసాలో సగం, మామూలు పాలు సగం కలిపి ఇస్తే అదే 200 మి.లీ. గ్లాసులో చక్కెర 15 నుంచి 7.6కి దిగుతుంది, రంగూ వాసనా మిగులుతాయి. తర్వాత ఆ పాళ్లని మెల్లగా తగ్గించవచ్చు. మామిడి యోగర్ట్‌కి బదులు ఇంటి పెరుగు, విడిగా చిన్న డబ్బాలో కోసిన మామిడి ముక్కలు పెడితే కలిపిన చక్కెర సున్నా. పండు తీపి ఉన్నా అది నమలవలసిన పండుతో వచ్చేది.

కొన్న పానీయమే పెట్టవలసిన రోజున రెండు కాక ఒకటి పెట్టడం, వందకి కలిపిన చక్కెర తక్కువున్నది ఎంచుకోవడం, చిన్న సీసా తీసుకోవడం అన్న మూడు నిర్ణయాలూ పట్టికలోని రెండు గడులు, ప్యాకెట్ పరిమాణం చూసి దుకాణంలోనే తీసుకోవచ్చు. పైన చెప్పిన లంచ్ బాక్స్‌లో యోగర్ట్ డ్రింక్ తీసేసి, బాదం పాలు సగం మామూలు పాలతో కలిపి పెడితే ఆ రోజు పానీయాల చక్కెర 33 గ్రాముల నుంచి 7.6కి వచ్చి, చిన్న హద్దులోనూ సగానికి పైగా మిగులుతుంది.